బొమ్మలో గీయని సూది

మా ల్యాబులో పంచే హ్యాండవుట్ రెండే పేజీలు. మొదటి పేజీలో డయోడ్ రెక్టిఫైయర్, రెండో పేజీలో స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు అలుక్కుపోయాయిగానీ తరంగాల బొమ్మలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. పై బొమ్మలో ఏసీ అల పైకీ కిందికీ ఊగుతుంటుంది. దాని కింద బొమ్మలో పై గూళ్లు మాత్రమే మిగిలి, కింది గూళ్ల చోట తిన్నని గీత. "సార్, కింది సగం ఏమైంది?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏమీ కాలేదు. ఆ సగంలో కరెంటు అసలు కదల్లేదు, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఎదురు వోల్టేజీ మొత్తాన్నీ డయోడ్ తన ఒంటి మీదే ఆపేసింది.

ఈ ఒకవైపు పట్టింపును మొదట కనిపెట్టినవాడు ఫెర్డినాండ్ బ్రౌన్ అనే జర్మన్. 1874లో, 24 ఏళ్ల వయసులో, సీసపు ఖనిజం గెలీనా లాంటి స్ఫటికాలకు లోహపు తీగ మొన ఆనించి చూస్తే కరెంటు ఒకవైపు పారినంత సులువుగా రెండోవైపు పారలేదు. కారణం అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ తర్వాత జగదీశ్ చంద్ర బోస్ అదే గెలీనాతో రేడియో తరంగాలను పసిగట్టే సాధనం చేసి 1901లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. అది 1904లో మంజూరైంది. నాకు ముచ్చటగా అనిపించే సంగతి ఇంకోటుంది. 1897లో కేథోడ్ రే ట్యూబు చేసింది కూడా ఈ బ్రౌనే. అంటే అలను సగానికి కోసే గుణాన్ని పట్టుకున్నదీ, కోసిన అలను తెర మీద చూపించే సీఆర్‌ఓకు ప్రాణం పోసిందీ ఒకే మనిషి.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఒక్క 1ఎన్4007 డయోడ్, ఒక రెసిస్టర్. మల్టీమీటరును డీసీలో పెట్టి కొలిస్తే సుమారు 5.2 వోల్టులు చూపిస్తుంది. సగం పోయింది కాబట్టి 6 రావాలి కదా అని కొందరు, డయోడ్ కాలిపోయిందని కొందరు అంటారు. రెండూ కాదు. 12 అనేది ఏసీకి మనం చెప్పుకునే లెక్క. అల శిఖరం దాదాపు 17 దాకా వెళుతుంది. సిలికాన్ డయోడ్ దారి ఇవ్వడానికి 0.7 వోల్టు సుంకం తీసుకుంటుంది, మిగిలింది 16.3. మీటరు చూపించేది శిఖరాన్ని కాదు, గూళ్లనూ ఖాళీలనూ కలిపి చదును చేసిన సగటును. 16.3ను 3.14తో భాగిస్తే వచ్చేది ఆ 5.2.

ఇప్పుడు రెసిస్టరుకు అడ్డంగా 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. మీటరు ఒక్కసారిగా 16 దగ్గరికి ఎగబాకుతుంది. కొత్తగా వోల్టేజీ ఎక్కడినుంచీ రాలేదు. అల శిఖరానికి చేరినప్పుడు కెపాసిటర్ నిండుతుంది, అల దిగిపోయాక తనలోది నెమ్మదిగా వదులుతుంది. 100 మిల్లీ ఆంపియర్లు లాగే లోడ్ ఉంటే మళ్లీ శిఖరం వచ్చేలోగా, అంటే సెకనులో యాభయ్యో వంతులో, దాదాపు 2 వోల్టులు జారుతుంది. సీఆర్‌ఓ మీద అది రంపపు పళ్లలా కనిపిస్తుంది. నాలుగు డయోడ్ల బ్రిడ్జి కడితే కింది గూళ్లు కూడా పైకి తిరుగుతాయి కాబట్టి ఆ జారుడు సగానికి తగ్గుతుంది, కాకపోతే సుంకం రెండుసార్లు కట్టాలి.

రెండో పేజీకి వెళ్లడానికి దారి ఒక పగులు. 1940లో బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ పరీక్షిస్తున్న సిలికాన్ ముక్కలో సన్నని పగులుంది. దాని మీద వెలుగు పడితే కరెంటు పుట్టింది. చూస్తే పగులుకు ఒకవైపు ఒక రకం మలినాలు, మరోవైపు ఇంకో రకం. ఇదే పీ-ఎన్ జంక్షన్. బ్రౌన్ చూసిన ఏకపక్ష బుద్ధికి సిలికాన్‌లో ఆనవాలు ఇలా దొరికింది. 1947 డిసెంబరులో అదే సంస్థలో బార్డీన్, బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించారు. డయోడ్ దారి ఇవ్వాలా వద్దా అన్నది తనకుతానే తేల్చుకుంటుంది. ట్రాన్సిస్టర్ అలా కాదు, దానికి బేస్ వైపునుంచి ఒకరు చెప్పాలి.

చెప్పడంలోనే తప్పులు జరుగుతాయి. హ్యాండవుట్ బొమ్మలో బేసుకు 5 వోల్టుల చదరపు అల వస్తుంది, కలెక్టర్ దగ్గర అది తిరగబడి 12కీ సున్నాకీ మధ్య గెంతుతుంది. ఒక బ్యాచ్‌లో ఇద్దరు కుర్రాళ్లు బీసీ547తో రిలే కట్టారు. ఇద్దరిదీ ఒకే సర్క్యూట్, ఒకే డబ్బాలోంచి తీసిన ట్రాన్సిస్టర్లు. ఒకడి రిలే టక్కుమంది, ఇంకొకడిది ఉలకలేదు పలకలేదు. బేస్ రెసిస్టర్ 22 కిలో ఓములు పెట్టారు. 5లోంచి 0.7 తీసేస్తే మిగిలే 4.3 వోల్టులతో బేసులోకి 0.195 మిల్లీ ఆంపియరు వెళుతుంది. రిలే కాయిల్ 400 ఓములు, దానికి కావలసింది 30 మిల్లీ ఆంపియర్లు. మొదటివాడి ట్రాన్సిస్టర్ గెయిన్ 200 ఉంది, సరిపోయింది. రెండోవాడిది 110. కాయిల్లోకి 21.5 మాత్రమే వెళ్లి, దాని మీద 8.6 వోల్టులే పడ్డాయి. మిగతా 3.4 వోల్టులు ట్రాన్సిస్టర్ మీదే ఉండిపోయాయి.

పట్టుకునే పద్ధతి ఇదే. ఆన్ చేసినప్పుడు కలెక్టరుకూ ఎమిటరుకూ మధ్య 0.2 వోల్టు దగ్గర ఉంటే తలుపు పూర్తిగా తెరుచుకున్నట్టు, మూడు నాలుగు వోల్టులుంటే ఓరగా తెరిచినట్టు. ఓరగా ఉన్న తలుపులోనే వేడి పుడుతుంది. అందుకే స్విచ్‌గా వాడేటప్పుడు గెయిన్ పుస్తకంలో ఎంత రాసి ఉన్నా, పదే అనుకుని లెక్క వేస్తారు. 30కి 3 మిల్లీ ఆంపియర్లు బేసుకు. 4.3ను 3తో భాగిస్తే 1.4 కిలో ఓములు వస్తుంది, దుకాణంలో దొరికే 1.2 కిలో ఓముది తెచ్చి పెట్టుకోవచ్చు. మార్చాక రెండో రిలే కూడా టక్కుమంది.

టక్కుమని, ఆఫ్ చేసిన కాసేపటికి ట్రాన్సిస్టర్ చచ్చిపోయింది. మల్టీమీటర్ పెడితే కలెక్టరుకూ ఎమిటరుకూ మధ్య ఎటు పట్టినా షార్టే. బొమ్మలో గీయనిది ఇక్కడుంది. కాయిల్లో పారుతున్న కరెంటు ఉన్నపళంగా ఆగడానికి ఒప్పుకోదు. ట్రాన్సిస్టర్ తలుపు మూయగానే అది కలెక్టర్ వోల్టేజీని వంద దాటించి అయినా దారి వెతుక్కుంటుంది. బీసీ547 తట్టుకునేది 45. సీఆర్‌ఓ మీద ఆఫ్ అయ్యే చోట అది నిలువుగా లేచిన సూదిలా కనిపిస్తుంది.

దీనికి మందు మొదటి పేజీలోనే ఉంది. కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007, గీత ఉన్న కాలు 12 వోల్టుల వైపు. మామూలప్పుడు అది అడ్డంగా కూర్చుని ఏమీ చేయదు. తలుపు మూసుకున్న క్షణంలో కాయిల్ కరెంటును తనలోంచి తిప్పి సూదిని 12.7 దగ్గరే ఆపేస్తుంది. ఖరీదు ఏమిటంటే, ఆ కరెంటు చుట్టూ తిరిగి ఆరిపోయేదాకా రిలే వదలడం కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యమవుతుంది. గీత తిరగేసి పెడితే మాత్రం ఆన్ చేయగానే 12 వోల్టులు నేరుగా డయోడ్ గుండా ట్రాన్సిస్టర్ మీద పడతాయి, అది మళ్లీ పోతుంది. మా డబ్బాలో చచ్చిన బీసీ547లలో సగం ఈ లెక్కలోవే.

నా దగ్గరున్న హ్యాండవుట్ అసలు ప్రతిలో చదరపు అల మూల మీద ఎర్ర పెన్నుతో ఆ సూదిని గీసి పెట్టాను. జిరాక్సులో అది నల్లగానే పడుతుంది, అది మరక కాబోలు అనుకుని చెరిపిచూసినవాళ్లూ ఉన్నారు.