పండ్లు తోముతున్నామా, అరగదీస్తున్నామా?

కరీంనగర్ పల్లెల్లోనూ ఆదిలాబాద్ అడవి పక్క ఊళ్లలోనూ పందుంపుల్లతో ముఖం కడుక్కునే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. వేపపుల్లనో కానుగపుల్లనో నమిలి కుచ్చు చేసి, అడ్డంగా రుద్దుతారు. చాలా ఇళ్లలో పుల్ల పోయి బ్రష్షు వచ్చింది గానీ, దాన్ని పట్టే చేతికి మాత్రం పాత ఊపే ఉండిపోయింది. నెమ్మదిగా తోమమంటే వచ్చే జవాబు ఒక్కటే: "గట్టిగ రుద్దకపోతే గార ఎట్ల పోతది?"

పొరపాటంతా ఆ ప్రశ్నలోనే ఉంది. రోజూ పండ్ల మీద పేరుకునేది మెత్తటి పాచి. గోటితో గీసినా వచ్చేస్తుంది. దాన్ని తీయకుండా వదిలేస్తే, లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గార అవుతుంది. ఎంత రుద్దినా బ్రష్షు గారను ఊడదీయలేదు, డాక్టర్ పరికరమే తీయాలి. అంటే పాచికి బలం అక్కర్లేదు, గారకు మన బలం చాలదు. మరి ఆ బలమంతా ఎక్కడ పడుతుంది? చిగురు మీద, పన్ను మెడ మీద.

దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. కుడిచేతి వాటం మనిషి, యాభై దాటిన వయసు, చల్లని కుండనీళ్లు తాగితే ఎడమవైపు పన్ను జివ్వుమంటుంది. పై పెదవి ఎత్తి చూస్తే ఎడమ కోరపన్ను, దాని వెనక పన్ను పొడుగ్గా కనిపిస్తాయి. పన్నేం పెరగలేదు, చిగురు పైకి జరిగింది. పన్ను మెడ దగ్గర గోటికి తట్టే గాడి ఉంటుంది. కుడివైపు నష్టం తక్కువే. కోరపన్ను పలువరుస మలుపులో ముందుకు పొడుచుకు వస్తుంది, దాని మీద ఎముకా చిగురూ పలుచన. అప్పుడే పేస్టు వేసిన బ్రష్షు, ఇంకా అలసిపోని చేయి చాలామందిలో ముందు అక్కడికే పోతాయి. ఇదే మనిషి కింది ముందుపళ్ల లోపలివైపు అద్దంలో చూసుకుంటే గార పట్టి ఉంటుంది. రుద్దుడంతా ఒక చోట, మురికి మరో చోట!

మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఎనామిల్. పేస్టు లేని ఉత్త బ్రష్షు దాన్ని అరగదీయడం చాలా తక్కువ. అరగదీసేది పేస్టులోని గరుకుపొడి, బ్రష్షు దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పొయ్యిబొగ్గు, ఇటుకపొడి అయితే మరీ ఘోరం. అయితే ఎనామిల్ పన్ను మెడ దగ్గర పలుచబడి, చిగురు కింది వేరు మీద అసలే ఉండదు. చిగురు జరిగి బయటపడిన వేరు చాలా మెత్తన, అందుకే గాడి అక్కడ పడుతుంది. పులుపు కూడా తోడవుతుంది. చింతపండు పులుసు, పులిసిన కల్లు, కూల్‌డ్రింకు ఎనామిల్ పైపొరను కాసేపు మెత్తబరుస్తాయి. అవి తీసుకున్నాక నోరు పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోముకోవాలి.

బ్రష్షు ఎంపికలో తర్జనభర్జన అక్కర్లేదు. 1948లో అమెరికా వైద్యుడు చార్లెస్ బాస్, కుచ్చు పోగు మందం అంగుళంలో వెయ్యింట ఏడు వంతులు, అంటే సుమారు 0.18 మిల్లీమీటర్లు ఉండాలని, కొసలు గుండ్రంగా ఉండాలని సూచించాడు. ఇప్పుడు 'సాఫ్ట్' అని అమ్మేవి దాదాపు ఆ కొలతవే. కిరాణా కొట్టులో 'హార్డ్' ఇస్తే తిప్పి ఇచ్చేయండి.

తోమే పద్ధతికీ ఆయన పేరే పెట్టారు. బ్రష్షును పిడికిట్లో బిగించకుండా, కలం పట్టినట్టు వేళ్లతో పట్టుకోండి. పేస్టు శనగగింజంత చాలు. కుచ్చును చిగురు, పన్ను కలిసే గీత మీద ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో ఆనించాలి. కొసలు అక్కడి నుంచి కదలకుండా, రెండు మూడు పళ్లకొకసారి బ్రష్షును పది పదిహేను సార్లు సన్నగా అదిలించి, పన్ను కొస వైపు తిప్పుతూ దించాలి. పైపళ్లకు కిందికి, కిందిపళ్లకు పైకి. ముందుపళ్ల లోపలివైపు బ్రష్షును నిలువుగా పట్టాలి. నమిలే భాగం మీద మాత్రం ముందుకూ వెనక్కూ తోమినా తప్పు లేదు. మొత్తం రెండు నిమిషాలు. లోపలివైపు నుంచి మొదలుపెడితే, కోరపన్ను దగ్గరికి వచ్చేసరికి చేతి ఊపూ తగ్గుతుంది, పేస్టూ పలుచబడుతుంది.

బలం ఎంతో తెలియాలంటే వంటింటి డిజిటల్ కాంటా మీద బ్రష్షును రోజూ తోమేటట్టే నొక్కి చూడండి. 150 నుంచి 200 గ్రాములు చాలు. బ్రష్షు కూడా సాక్ష్యం చెబుతుంది. మూడు నెలలు కాకముందే కుచ్చు పక్కలకు విచ్చుకుంటే మీరు బలం ఎక్కువ పెడుతున్నట్టే.

జరిగిన చిగురు తనంతట తాను వెనక్కి రాదు. కొందరికి శస్త్రచికిత్సతో కప్పవచ్చు. గాడిని సిమెంటుతో పూడ్చవచ్చు గానీ, తోమే తీరు మారకపోతే దాని చుట్టూ మళ్లీ అరుగుతుంది. పన్ను జివ్వుమనడానికి పుచ్చు, పగులు కూడా కారణం కావచ్చు కాబట్టి పండ్ల డాక్టర్‌కు చూపించుకోండి. వెళ్లేటప్పుడు వాడుతున్న బ్రష్షును కూడా జేబులో పెట్టుకుని వెళ్లండి.