మెత్తని తీగకు దగ్గరి దారి

త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్ తీగను నెట్టే మోటారు ఎక్కడుందన్నదే అసలు తేడా. ఎండర్ 3లో అది ఫ్రేముకే బిగించి ఉంటుంది. తీగ పొడవాటి టెఫ్లాన్ గొట్టం గుండా నాజిల్‌కు చేరుతుంది. ఇది బౌడెన్ పద్ధతి. కదిలే తల తేలిక కాబట్టి వేగంగా తిరిగినా అంచుల దగ్గర అలల గీతలు తక్కువ. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారు బరువు తల మీదే.

కానీ రబ్బరులాంటి టీపీయూ తీగ పెట్టి చూడండి. బౌడెన్ గొట్టంలో అది ముందు నలిగి వంకర్లు పోయి, ఆ తర్వాతే కదులుతుంది. కారకుండా వెనక్కి లాగినా అంతే. గట్టి పీఎల్ఏకే సుమారు 5 మిల్లీమీటర్లు లాగాలి, డైరెక్ట్‌లో ఒకటి చాలు. టీపీయూలో ఆ లాగుడు తీగ సాగడంలోనే పోయి, ముక్కల మధ్య సాలెగూటి దారాలు మిగులుతాయి. తీగ గేరు పక్కన మడతపడితే వేగం సెకనుకు 20 మిల్లీమీటర్లకు తగ్గించండి. తరచూ ఫోన్ కవర్లు చేసేవారు మాత్రం డైరెక్ట్ డ్రైవే కొనండి.