బ్యాంక్ ఎగ్జామ్స్: బారు వడ్డీ, చక్రవడ్డీ మధ్య తేడా.. ఫార్ములా గుర్తురాకపోయినా జవాబు ఇలా పట్టేయొచ్చు!

ఊళ్లో ఒకాయన దగ్గర నోటు రాసి 10 వేలు తెచ్చారనుకోండి. వడ్డీ నూటికి 2 రూపాయలు. అంటే నెలకు 100కి 2 రూపాయలు, ఏడాదికి 24 రూపాయలు. ఏడాది తిరిగేసరికి వడ్డీ 2,400 అవుతుంది. అది కట్టలేకపోతే? అప్పిచ్చినాయన వడ్డీని అసల్లో కలిపి 12,400కు నోటు తిరగరాయిస్తాడు. ఇక రెండో ఏడాది వడ్డీ 2,400 కాదు, 2,976.

మరి ఆ పెరిగిన 576 ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి ఏడాది వడ్డీ 2,400 మీద 24 శాతం వేస్తే వచ్చింది. అంతే. బ్యాంక్ పరీక్షల్లో 'బారు వడ్డీ, చక్రవడ్డీల తేడా ఎంత?' అని అడిగే ప్రశ్నల గుట్టు మొత్తం ఈ 576 లోనే ఉంది.

గ్రామీణ బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు. వరంగల్ హెడ్డాఫీసుగా నడిచిన ఏపీజీవీబీ తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ములుగు నుంచి ప్రిపేర్ అయ్యే చాలామంది కన్ను ఈ ఉద్యోగాల మీదే ఉంటుంది. తప్పు జవాబుకు పావు మార్కు పోయే ఈ పరీక్షలో షార్ట్‌కట్ తెలిస్తే సరిపోదు, అది ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ పనిచేయదో కూడా తెలియాలి.

షార్ట్‌కట్ ఏంటంటే..

రెండేళ్లకు తేడా = P(R/100)². ఇక్కడ P అంటే అసలు, R అంటే ఏడాదికి వడ్డీ శాతం.

దీన్ని బట్టీ పట్టే ముందు ఒక్కసారి విడదీసి చూడండి. P ని R/100 తో ఒకసారి గుణిస్తే వచ్చేది మొదటి ఏడాది వడ్డీ. రెండోసారి గుణిస్తే వచ్చేది ఆ వడ్డీ మీద వడ్డీ. మొదటి ఏడాది బారు వడ్డీ అయినా చక్రవడ్డీ అయినా ఒకటే కాబట్టి, రెండేళ్ల తేడా అంతా రెండో ఏడాదిలోనే పుడుతుంది.

ఉదాహరణకు ఈ ప్రశ్న చూడండి. '8 శాతం వడ్డీతో రెండేళ్లకు తేడా 160 రూపాయలు. అసలు ఎంత?' ఆప్షన్లు 16,000, 20,000, 25,000, 32,000.

160 అనేది మొదటి ఏడాది వడ్డీలో 8 శాతం. అంటే మొదటి ఏడాది వడ్డీ 2,000. ఆ 2,000 అసలులో 8 శాతం. అంటే అసలు 25,000. ఇప్పుడు వెనక్కి నడిచి చెక్ చేయండి. 25,000లో 8 శాతం 2,000. 2,000లో 8 శాతం 160. సరిపోయింది. పెన్ను కూడా పెద్దగా కదపక్కర్లేదు.

తేడా నుంచే వడ్డీ రేటు

కొన్నిసార్లు రేటే ఇవ్వరు. 'రెండేళ్లకు బారు వడ్డీ 5,000, చక్రవడ్డీ 5,200. రేటు ఎంత?' అంటారు. తేడా 200. ఇక్కడ చాలామంది 200ను 5,000తో పోల్చి 4 శాతం అని పెట్టేస్తారు. ఆప్షన్లలో 4 కూడా రెడీగా ఉంటుంది! కానీ 5,000 రెండేళ్ల వడ్డీ. తేడా పుట్టింది ఒక ఏడాది వడ్డీ మీద, అంటే 2,500 మీద. 2,500లో 200 అంటే 8 శాతం. అదే సరైన జవాబు. అసలు కూడా అడిగితే, 8 శాతం 2,500 అయ్యే మొత్తం 31,250.

మూడేళ్లయితే మారుతుంది

10 వేలు, 10 శాతం, మూడేళ్లు తీసుకుందాం. ఏటా బారు వడ్డీ 1,000. మొదటి ఏడాది వచ్చిన 1,000 మీద రెండో ఏడాది 100, మూడో ఏడాది ఇంకో 100 వస్తాయి. రెండో ఏడాది వచ్చిన 1,000 మీద మూడో ఏడాది 100 వస్తుంది. మొత్తం మూడు వందలు. వీటికి తోడు, రెండో ఏడాది పుట్టిన ఆ 100 కూడా మూడో ఏడాది ఊరికే కూర్చోదు, దాని మీద 10 వస్తుంది. మొత్తం తేడా 310.

ఫార్ములాలో రాస్తే P(R/100)²(3 + R/100). బ్రాకెట్‌లో 3 ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా! చెక్ చేయడం కూడా తేలికే. మూడేళ్ల తేడా ఎప్పుడూ రెండేళ్ల తేడాకు మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. సరిగ్గా 300 వచ్చిందంటే చివరి 10 మర్చిపోయారు. 200 వచ్చిందంటే లెక్కను ఎక్కడో మధ్యలో ఆపేశారు.

'ఆరు నెలలకోసారి' అంటే జాగ్రత్త

ప్రశ్నలో ఈ మాట కంటపడకపోతే మార్కు పోయినట్టే. '20 వేలు, ఏడాదికి 10 శాతం, ఆరు నెలలకోసారి వడ్డీ కలుపుతారు. ఏడాదికి తేడా ఎంత?' ఇక్కడ 10 శాతం పెట్టి షార్ట్‌కట్ వేస్తే 200 వస్తుంది. అది తప్పు. ఆరు నెలలకు పడేది 5 శాతమే. మొదటి ఆరు నెలల వడ్డీ 1,000. దాని మీద తర్వాతి ఆరు నెలలకు 5 శాతం అంటే 50. జవాబు 50.

ఇదే ప్రశ్నలో గడువు రెండేళ్లు అంటే, వడ్డీ నాలుగుసార్లు కలుస్తుంది. అప్పుడు రెండేళ్ల షార్ట్‌కట్, మూడేళ్ల షార్ట్‌కట్ రెండూ పనిచేయవు. విడతల వారీగా లెక్క వేసుకోవాల్సిందే. అందుకే గడువు ఎన్నేళ్లు అని కాకుండా, వడ్డీ అసల్లో ఎన్నిసార్లు కలుస్తుంది అని ముందు లెక్కపెట్టండి. రెండుసార్లయితే మొదటి షార్ట్‌కట్, మూడుసార్లయితే రెండోది.

రెండేళ్లకు రెండు వేర్వేరు రేట్లు ఇచ్చినా కంగారు వద్దు. 10 వేలకు మొదటి ఏడాది 10 శాతం, రెండో ఏడాది 20 శాతం అన్నారనుకోండి. మొదటి ఏడాది వడ్డీ 1,000, దాని మీద 20 శాతం 200. తేడా అదే.

మళ్లీ ఆ నోటు దగ్గరికి వద్దాం

10 వేల నోటును అదే 24 శాతానికి ఏటా తిరగరాస్తూ మూడేళ్లు నడిపిస్తే, బారు వడ్డీ కంటే ఎంత ఎక్కువ కట్టాలి? రెండేళ్ల తేడా 576. దానికి మూడు రెట్లు 1,728. 576 మీద 24 శాతం 138 రూపాయల 24 పైసలు. కలిపితే 1,866 రూపాయల 24 పైసలు. బారు వడ్డీ అయితే మూడేళ్లకు 7,200తో పోయేది, తిరగరాసిన నోటు మీద 9,066 దాటింది. ఈసారి ఇంట్లో ఎవరైనా నోటు తిరగరాయడానికి కూర్చుంటే, సంతకం పెట్టేముందు ఈ లెక్క వాళ్లకూ ఒకసారి వేసి చూపించండి.