మరచెంబు నంబరు 37

మా మావయ్య ముప్పై ఏళ్లుగా పాత ఇత్తడి, కంచు సామాన్లు సేకరిస్తున్నాడు. కుందులు, గంగాళాలు, కూజాలు, పంచపాత్రలు, గిద్ద నుంచి మానిక దాకా కొలపాత్రలు, అన్నీ కలిపి నూట పన్నెండు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. కూతురు హైదరాబాద్‌లో, కొడుకు అమెరికాలో ఉంటారు. కిందటి వేసవిలో ఆయనా నేనూ కూర్చుని పదకొండు రోజులపాటు వాటన్నిటికీ జాబితా రాశాం. ఇలాంటి వస్తువులు ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ పని ఎలా సాగిందో చెప్పాలని ఈ వ్యాసం.

మొదటి రోజు నేను కెమెరా తీశాను. అది పొరపాటని సాయంత్రానికి తెలిసింది. ఫొటో ఎవరైనా, ఎప్పుడైనా తీయొచ్చు. కొలతలూ అంతే, పదేళ్ల తర్వాత కొడుకు వచ్చి కొలిచినా అవే వస్తాయి. ఎక్కడ కొన్నాడు, ఎవరిచ్చారు, ఎంతకు కొన్నాడు, మూత ఎప్పుడు మార్పించాడు అన్నవి మాత్రం ఆయనకే తెలుసు. అందుకని రెండో రోజు నుంచి వరస మార్చాం. ముందు వస్తువు ఆయన ఒళ్లో పెట్టి చెప్పించుకోవడం, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం, ఆ తర్వాతే టేపు, త్రాసు, ఫొటో. పక్కన ఇంకో గడి గీసి, ఆయన గట్టిగా చెప్పిన దానికి 'ఖాయం', అనుమానంగా చెప్పిన దానికి 'సుమారు' అని రాశాం. ఆ గడి ఎంత పనికొచ్చిందో మరచెంబు దగ్గర తెలిసింది.

మరచెంబు అంటే మూతకు మరలున్న చెంబు. ప్రయాణాల్లో నీళ్లు ఒలక్కుండా తీసుకెళ్లేవారు. మావయ్య దాన్ని చేతిలోకి తీసుకోగానే, "ఇది మా నాయనమ్మదిరా, కాశీకి పట్టుకెళ్లింది" అన్నాడు. అలాగే రాసుకుని, 37 అని నంబరిచ్చి, కొలవడం మొదలుపెట్టాను.

నంబరు సంగతి ఇక్కడే చెప్పాలి. కుందులకు 'కు', గంగాళాలకు 'గం', హాలులోవాటికి 'హా' అని గుర్తులు కలపాలని చాలామందికి అనిపిస్తుంది. వస్తువు గది మారిన రోజున ఆ నంబరు అబద్ధం చెబుతుంది. ఒకటి, రెండు, మూడు అని వరసగా పోవడమే మేలు. ఒకసారి ఇచ్చిన నంబరును, ఆ వస్తువు అమ్మేసినా సరే, ఇంకోదానికి ఇవ్వకూడదు. విడిపోయే భాగాలకు అదే నంబరు పక్కన అక్షరం చేర్చాలి. మరచెంబులో చెంబు 37అ, మూత 37ఆ. జత కుందులైతే ఒక్కోదానికీ ఒక అక్షరం. పంపకాల్లో చెంబు ఒకరింటికీ మూత ఇంకొకరింటికీ పోయిన సంసారాలు నేను చూశాను.

ఇత్తడి మీద నంబరు రాయడానికి మ్యూజియాలవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పారలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన రెసిన్‌ను ఎసిటోన్‌లో కరిగించి, అడుగుభాగంలో గోరంత మేర పూస్తారు. అది ఆరాక దాని మీద పిగ్మెంట్ ఇంకు పెన్నుతో నంబరు రాసి, ఆరనిచ్చి, పైన మరో పూత వేస్తారు. ఇంకు లోహానికి తగలదు, కావాలంటే ఎసిటోన్‌తో తుడిచేయొచ్చు. గోళ్ల రంగుతో సరిపెట్టుకుంటే కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి పెచ్చులూడుతుంది. స్టిక్కరు జిగురు మరక వదిలిపెట్టి తను ఊడిపోతుంది. మేకుతో గీయడం సరేసరి, వస్తువు పాడైనట్టే. నేలకు ఆనే అంచు మీద రాస్తే అరిగిపోతుంది కాబట్టి కాస్త లోపలికి రాయాలి. పూజలో వాడుతూ చింతపండుతో తోమే కుందుల మీద ఏ పూతా నిలవదు. వాటికి మేం ఏమీ రాయలేదు. ఒంట్లో ఉన్న సొట్టలు, మాట్లే వాటి ఆనవాళ్లు.

కొలతలకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. గుండ్రటి చెంబు వెడల్పు టేపుతో సరిగ్గా రాదు. దానికి రెండు వైపులా రెండు అట్టపెట్టెలు ఆనించి, చెంబు తీసేసి, మధ్య ఖాళీ కొలవాలి. ఎత్తుకైతే పైన ఒక పుస్తకం అడ్డంగా పెట్టి, దాని కిందనుంచి నేల దాకా కొలవాలి. మరచెంబు మూతతో కలిపి 17.4 సెంటీమీటర్ల ఎత్తు, పొట్ట దగ్గర 15.2 వెడల్పు. వంటింటి త్రాసు మీద చెంబు 890 గ్రాములు, మూత 256, మొత్తం 1,146. లోహపు వస్తువుకు బరువు అన్నిటికంటే గట్టి గుర్తు. చూపుకు అచ్చం ఒకేలా ఉన్న రెండు చెంబులు త్రాసు మీద ఒకటి కావు.

ఫొటోలకు ఇత్తడి మెరుపే ప్రధానమైన చిక్కు. ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది, తీసేవాడి మొహమూ అందులో కనబడుతుంది. ఎండ నేరుగా పడని కిటికీకి తెల్ల పంచె కట్టి, దాని ముందు బూడిదరంగు దుప్పటి మీద వస్తువు పెట్టాం. ఫోను దగ్గరగా పెడితే చెంబు పొట్ట ఉబ్బినట్టు వస్తుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి తీశాం. పక్కన స్కేలు, నంబరు రాసిన కాగితం ముక్క. ఎదురుగా ఒకటి, అడుగు భాగం ఒకటి, మూత విప్పి మరలు ఒకటి, మాటు ఒకటి. ఫైళ్లకు 037_01.jpg, 037_02.jpg అని పేర్లు పెట్టాం. అప్పుడు ఫోనులో వెతకడం సుళువు.

ఇక పేర్లు. మనవాళ్లు పెళ్లి సారె సామాను మీద పేర్లు కొట్టించడం ఎప్పటినుంచో ఉన్నదే. ఉలి మొనతో చుక్క చుక్కగా కొట్టిన ఆ అక్షరాలు తోమీ తోమీ అరిగిపోతాయి. గది చీకటి చేసి, టార్చిలైటు వెలుగు పక్కనుంచి వాలుగా పడేట్టు పట్టుకుంటే చుక్కల గుంటల్లో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. మరచెంబు మెడ కింద అలా మూడు పొడి అక్షరాలు కనబడ్డాయి. మావయ్య కళ్లజోడు సర్దుకుని చదివాడు. నాయనమ్మ పేరులో గానీ, ఇంటిపేరులో గానీ ఆ అక్షరాలు లేవు.

ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

రెండు రోజుల తర్వాత బిల్లుల పెట్టె విప్పాం. పాత ఇత్తడి కొట్లలో బిల్లు దొరకడమే అరుదు, దొరికినా వస్తువు పేరుండదు. కిలోల లెక్కన అమ్ముతారు. 2008 నాటి చీటీ ఒకటి దొరికింది. 'ఇత్తడి 3 కిలోల 260, కిలో 300, మొత్తం 978' అని ఉందంతే. అప్పుడు మూడు వస్తువులు కొన్నట్టు మావయ్యకు గుర్తు. ఒక కుంది, ఒక చిన్న గంగాళం ఆ కొట్లోవేనని ఖాయంగా చెప్పాడు. మూడోది ఏమిటో తట్టలేదు. జాబితాలో బరువులు చూశాను. కుంది 732, గంగాళం 1,380. వాటికి ఏది కలిపితే చీటీలో అంకె వస్తుందో వెతుకుతూ పోతే 37 దగ్గర ఆగాను. 1,146 కలిపితే 3,258.

చూపించాను. మావయ్య చెంబును చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. "అవున్రా, నాయనమ్మది ఇల్లు మారినప్పుడు పోయింది. అలాంటిదే కొట్లో కనబడితే వదల్లేక కొన్నాను. ఇన్నేళ్లలో ఇదే అది అయిపోయింది" అన్నాడు. ముందు రాసిన వాక్యం కొట్టేయొద్దనీ, దాని కిందే ఇదీ రాయమనీ చెప్పాడు. ఇప్పుడు 37వ పేజీలో రెండూ ఉన్నాయి, తేదీలతో. ఖరీదు గడిలో ఆ చెంబు వాటాగా 344 రూపాయలని రాసి, లెక్క ఎలా కట్టామో పక్కన పెట్టాం.

ఈ 344 రూపాయల అంకె ఎవరికి కావాలని అత్తయ్య అడిగింది. వారసులకు కావాలి. ఇంట్లో వాడుకునే మామూలు సామాను అమ్మితే పన్ను ఉండదు గానీ చిత్రపటాలు, శిల్పాలు, కళాఖండాలు, పురావస్తు సేకరణలు అమ్మితే వచ్చే లాభం మీద మన దేశంలో ఆదాయపు పన్ను ఉంది. వారసత్వంగా వచ్చినవాటికి, తండ్రి పెట్టిన ఖరీదునే పిల్లల ఖరీదుగా లెక్కిస్తారు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీనాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. అందుకే కొన్న సంవత్సరం, ఖరీదు కావాలి. బిల్లు లేకపోతే, కొట్టు ఊరు, సుమారు సంవత్సరం, సుమారు ఖరీదు రాసి ఆయన చేత సంతకం చేయించాం. అది బిల్లంత బలమైనది కాదు, అసలేమీ లేకపోవడం కంటే నయం. ఇప్పటి షాపుల్లో ఇచ్చే నున్నటి కాగితపు బిల్లులు రెండు మూడేళ్లకే తెల్లబోతాయి. వాటిని కొన్నరోజే ఫొటో తీసుకోవాలి.

ఖరీదు గడి వేరు, విలువ గడి వేరు. విలువ గడిలో ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అని ఉంటేనే బీమాకు అక్కరకొస్తుంది. ఇంటి బీమాల్లో 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్షలో కళాఖండాలకు, పురాతన వస్తువులకు విడిగా ఎంచుకునే రక్షణ ఉంది. ముందే ఒప్పుకున్న విలువ ప్రకారం చెల్లిస్తారు. మొత్తం అయిదు లక్షలు దాటకుండా, ఏ ఒక్కటీ లక్ష దాటకుండా ఉంటే విలువ ధ్రువపత్రం అడగరు. అయితే మామూలు దొంగతనం అందులో రాదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఇత్తడి సామానుకు దొంగల భయమే ఎక్కువ కాబట్టి ఇది ముందే చూసుకోవాలి.

అమెరికా కొడుక్కి పెద్ద సెమ్మె మీద మనసుంది. వందేళ్లు దాటిన కళావస్తువును 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించడం కుదరదు. వందేళ్లు దాటని వస్తువైతే పురావస్తు శాఖ నుంచి, ఇది పురావస్తువు కాదని పత్రం తీసుకుని వెళ్లొచ్చు. ఆ సెమ్మె అడుగున ఎక్కడా సంవత్సరం లేదు, మావయ్య చెప్పిన వయసు పక్కన 'సుమారు' అని ఉంది. అది శాఖవాళ్లు చూసి తేల్చాల్సిందే. నూరేళ్లు దాటిన లోహ విగ్రహాలుంటే వాటికి రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. మావయ్య దగ్గర అలాంటివి లేవు.

వీలునామాకు జాబితా జత చేయాలనుకునేవాళ్లు వరస గమనించాలి. వీలునామా రాసే నాటికే జాబితా రాసి ఉండాలి. ఫలానా తేదీ గల, ఇన్ని పేజీల జాబితా అని వీలునామాలో దాని ప్రస్తావన ఉండాలి. తర్వాత చేర్చిన పేజీలు దానికవే వీలునామాలో భాగం కావు. అందుకని మావయ్య కంప్యూటర్‌లోని జాబితాను ముద్రించి, ప్రతి పేజీ మీదా తేదీ వేసి సంతకం చేశాడు. ఇద్దరు సాక్షుల ముందు వీలునామా ఆ తర్వాతే రాశాడు. "37ను అమ్మాయికి" అంటే ఏ చెంబో ఇప్పుడు ఎవరూ అడగక్కర్లేదు.

ముద్రించిన ప్రతుల్లో ఒకటి కూతురింట్లో ఉంది, ఒకటి మా ఇంట్లో. మంటల్లో సామానుతోపాటు జాబితా కూడా పోకూడదు కదా. ఈ మధ్య మావయ్య 61వ నంబరు పంచపాత్రను పక్కింటి పంతులుగారికి ఇచ్చేశాడు. జాబితాలో ఆ పేజీ తీసేయలేదు. 'ఇచ్చివేయబడినది' అని రాసి, తేదీ, ఎవరికో వేసి, కింద ఉద్ధరిణి బరువు 42 గ్రాములు అలాగే ఉంచాం.