సాగదీసిన వృత్తం ఎంత చోటు ఆక్రమిస్తుంది?

వృత్తాన్ని ఒక దిశలో మాత్రమే సమానంగా సాగదీస్తే దీర్ఘవృత్తం వస్తుంది. 5 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని అడ్డంగా రెండింతలు సాగదీశామనుకుందాం. నిలువు కొలత ఏమాత్రం మారకూడదు. రబ్బరు షీటును లాగినప్పుడు అది నిలువునా కొంత కుంచించుకుపోతుంది కాబట్టి దానితో ఈ పని కచ్చితంగా కుదరదు. కాగితం మీద ప్రతి బిందువునూ మధ్య నిలువు గీత నుంచి రెట్టింపు దూరానికి జరిపితే సరిపోతుంది.

ఇలా వచ్చిన ఆకారం కోడిగుడ్డులాంటి ఏదో ఒక కోల ఆకారం కాదు, అసలైన దీర్ఘవృత్తమే. దీర్ఘవృత్తం మీద ఎక్కడ బిందువు తీసుకున్నా రెండు నాభుల నుంచి దాని దూరాల మొత్తం ఒక్కటే ఉండాలి. మన ఆకారానికి నాభులు కేంద్రం నుంచి అటూ ఇటూ సుమారు 8.66 సెం.మీ. దూరంలో ఉంటాయి. వృత్తం మీద కేంద్రానికి 4 సెం.మీ. పక్కగా, 3 సెం.మీ. ఎత్తులో ఉన్న బిందువు సాగాక 8 సెం.మీ. పక్కకు చేరుతుంది, ఎత్తు మాత్రం 3 గానే ఉంటుంది. అక్కడి నుంచి నాభుల దూరాలు కొలిస్తే ఒకటి 3.07, రెండోది 16.93. రెండూ కలిపితే 20. ఏ బిందువు తీసుకున్నా ఇదే 20 వస్తుంది.

ఇక వైశాల్యం. సాగదీయక ముందే వృత్తం మీద ఒక్కో సెంటీమీటరు గళ్ళు గీస్తే 60 గళ్ళు పూర్తిగా లోపల పడతాయి. అంచు తగిలేవి కూడా కలిపితే 88 అవుతాయి. కాబట్టి వృత్త వైశాల్యం 60కీ 88కీ మధ్య ఎక్కడో ఉంటుంది. సాగదీశాక ప్రతి గడీ 2 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రంగా మారుతుంది. లోపలి గడి లోపలే ఉంటుంది, అంచు మీది గడి అంచు మీదే ఉంటుంది. అంటే హద్దులు 120, 176 అవుతాయి. గళ్ళను ఎంత చిన్నవి చేసినా ప్రతి గడీ సరిగ్గా రెట్టింపే అవుతుంది, రెండు హద్దుల మధ్య తేడా మాత్రం తగ్గుతూ పోయి చివరికి ఏమీ మిగలదు. వంకర అంచును గురించి వేరే లెక్క అవసరం లేకపోవడానికి కారణం ఇదే. వృత్త వైశాల్యం 25π కనుక దీర్ఘవృత్త వైశాల్యం 50π, అంటే సుమారు 157.08 చదరపు సెం.మీ.

అడ్డంగా సగం పొడవు 10, నిలువుగా సగం పొడవు 5, ఆ రెండింటి లబ్ధమే ఈ 50. ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. 1 వ్యాసార్ధం గల వృత్తంతో మొదలుపెట్టి, అడ్డంగా a రెట్లు, నిలువుగా b రెట్లు సాగదీస్తే ప్రతి గడి వైశాల్యమూ ab రెట్లవుతుంది. ఆ వృత్త వైశాల్యం π కాబట్టి దీర్ఘవృత్త వైశాల్యం πab. ఇక్కడ a, b లు అర్ధాక్షాలు. పూర్తి పొడవు, పూర్తి వెడల్పు వేస్తే జవాబు నాలుగు రెట్లు వచ్చేస్తుంది. 10, 5 ల సగటు 7.5ను వ్యాసార్ధంగా తీసుకుని వృత్తం సూత్రం వాడటం మరో పొరపాటు. అలా చేస్తే సుమారు 176.7 వస్తుంది. అది గళ్ళ లెక్కలో దొరికిన పై హద్దు 176ను కూడా దాటిపోతుంది కనుక తప్పని అక్కడే తేలిపోతుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ దీర్ఘవృత్తాన్ని దాని చుట్టూ పట్టే వృత్తంతో పోల్చి, ఆ వైశాల్యాల నిష్పత్తి అక్షాల నిష్పత్తే అని నిరూపించాడు. మన ఉదాహరణలో చుట్టూ పట్టే వృత్త వ్యాసార్ధం 10, వైశాల్యం 314.16. అందులో సగం మళ్ళీ 157.08.

చుట్టుకొలత దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. వృత్తం పైభాగంలో అంచు అడ్డంగా సాగుతుంది కాబట్టి అక్కడి ముక్క రెట్టింపవుతుంది. పక్కల దగ్గర నిలువుగా ఉంటుంది కాబట్టి దాదాపు మారదు. మిగిలిన చోట్ల ఒక్కో ముక్క ఒక్కోలా సాగుతుంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి ‘గణితసార సంగ్రహం’లో ఈ చిక్కు కనిపిస్తుంది. పావులూరి మల్లన తెలుగు చేసిన గ్రంథం ఇదే. చుట్టుకొలతను వ్యాసంలో నాలుగో వంతుతో గుణిస్తే వృత్త వైశాల్యం వస్తుంది. మహావీరుడు వ్యాసం బదులు వెడల్పును పెట్టి అదే పద్ధతిని దీర్ఘవృత్తానికీ చెప్పాడు. ఆయన సూత్రం ప్రకారం మన ఆకారం చుట్టుకొలత 46.9 వస్తుంది. అసలు విలువ 48.44 కనుక ఇది దగ్గరి అంచనాయే. వైశాల్యం మాత్రం 157కు బదులు 117 దగ్గరే ఆగిపోతుంది. ఆ కాలంలో దీర్ఘవృత్తం జోలికి వెళ్ళడమే పెద్ద సాహసం. తప్పల్లా సమానంగా సాగని చుట్టుకొలతను వైశాల్యానికి ఆధారం చేసుకోవడంలోనే ఉంది.

దీర్ఘవృత్తం చుట్టుకొలతకు πab లాంటి చిన్న కచ్చితమైన సూత్రం లేదు. 1914లో శ్రీనివాస రామానుజన్ ప్రచురించిన ఉజ్జాయింపు ఇది:

π[3(a + b) − √((3a + b)(a + 3b))]

10, 5 లను ఇందులో వేస్తే 48.44 వస్తుంది.