నూరు శాతం స్టాక్డ్ ఏరియా చార్టులో నడిమి పొర: జనగణన భాషాగణాంకాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక మొత్తంలో భాగాల వాటా కాలక్రమంలో ఎలా మారిందో చూపడానికి నూరు శాతం స్టాక్డ్ ఏరియా చార్టును విరివిగా వాడుతున్నారు. ఇందులో అడుగు పొర, పై పొర సులభంగా చదవగలిగినవే. నడుమనున్న పొరలు మాత్రం చదువరిని పొరపాటు నిర్ణయాలకు నడిపిస్తాయి. భారత జనగణనలోని మాతృభాషల శాతాలను ఈ చిత్రంగా గీసినప్పుడు తెలుగు పొర విషయంలో ఏం జరుగుతుందో వివరించి, దానికి కారణాలను, చిత్రాన్ని సవరించుకునే మార్గాలను తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్టాక్డ్ ఏరియా చార్ట్, ఆధారరేఖ, జనగణన, మాతృభాష, తెలుగు, శాతం.

1. ఉపోద్ఘాతం:
భాషాశాస్త్ర, సామాజిక భాషాశాస్త్ర పరిశోధనల్లో గణాంకాలను పట్టికలతో సరిపెట్టకుండా చిత్రాలుగా చూపే పద్ధతి స్థిరపడింది. పట్టికలో అంకె అంకెగానే ఉంటుంది. చిత్రంలో అది ఒక ఆకారాన్ని పొందుతుంది. ఆ ఆకారాన్ని చూసి చదువరి ఒక నిర్ణయానికి వస్తాడు. ఆ నిర్ణయం అంకెలు చెప్పినదానికి భిన్నంగా ఉంటే దోషం చదువరిది కాదు, చిత్రానిది. తెలుగు మాతృభాషీయుల వాటాను గురించిన చర్చలో ఇటువంటి భేదం ఎంత దూరం పోగలదో ముందుగా అంకెల ద్వారా చూద్దాం.

2. చిత్రనిర్మాణం:
ఈ చిత్రంలో అడ్డు అక్షం కాలాన్ని, నిలువు అక్షం 0 నుంచి 100 వరకు శాతాన్ని తెలుపుతాయి. మొదటి భాగాన్ని అడుగున పరుస్తారు. రెండవ భాగాన్ని మొదటిదాని పై అంచు మీద, మూడవదాన్ని రెండవదాని పై అంచు మీద పేరుస్తూ పోతారు. అన్నీ కలిసి ప్రతి సంవత్సరం వద్ద కచ్చితంగా 100 అవుతాయి కాబట్టి చిత్రం పై అంచు ఎప్పుడూ సమతలంగానే ఉంటుంది. ఒక భాగం విలువ దాని పొర మందంలో ఉంటుంది. పొర ఎంత ఎత్తున ఉందన్నది ఆ భాగం విలువ కాదు. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతాయి.

జనగణన ప్రకటించిన శాతాల నుంచి నాలుగు భాషలను విడిగా తీసుకొని, మిగిలిన భాషలన్నింటినీ ‘ఇతర’ అనే శీర్షిక కింద చేర్చితే పట్టిక ఇలా ఉంటుంది.

| సంవత్సరం | హిందీ | బెంగాలీ | మరాఠీ | తెలుగు | ఇతర |
|---|---|---|---|---|---|
| 1971 | 36.99 | 8.17 | 7.62 | 8.16 | 39.06 |
| 1991 | 39.29 | 8.30 | 7.45 | 7.87 | 37.09 |
| 2001 | 41.03 | 8.11 | 6.99 | 7.19 | 36.68 |
| 2011 | 43.63 | 8.03 | 6.86 | 6.70 | 34.78 |

1981ని ఇక్కడ కావాలనే విడిచిపెట్టడం జరిగింది. ఆ ఏడు అస్సాంలో జనగణన జరగలేదు. తమిళనాడు జనగణన పత్రాలు వరదల్లో నష్టపోయాయి. అందువల్ల ఆ సంవత్సరపు తెలుగు సంఖ్యలో తమిళనాడులోని తెలుగువారు ఉండరు. ఆ అంకెను తక్కినవాటి పక్కన నిలిపితే లేని పతనం ఒకటి చిత్రంలో కనిపిస్తుంది.

3. ఎక్కుతున్నట్లు కనిపించే తగ్గుదల:
పట్టికలో ఉన్న వరుసలోనే హిందీని అడుగున, దానిపై బెంగాలీ, మరాఠీ, తెలుగు, చివరగా ఇతర భాషలను పేర్చామనుకుందాం. 1971లో తెలుగు పొర కింది అంచు హిందీ, బెంగాలీ, మరాఠీల మొత్తమైన 52.78 వద్ద ఉంటుంది. పై అంచు 60.94 వద్ద ఉంటుంది. 2011కి వచ్చేసరికి కింది అంచు 58.52కు, పై అంచు 65.22కు చేరతాయి.

అంటే తెలుగు పొర రెండు అంచులూ నలభై ఏళ్ల పాటు పైకే పోయాయి. కింది అంచు 5.74, పై అంచు 4.28 మేర ఎక్కాయి. ఈ రెండింటి నడుమ తేడా అయిన 1.46 మాత్రమే తెలుగు వాటాలో వచ్చిన అసలు మార్పు, అది కూడా తగ్గుదల. చిత్రం ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకుంటే ఒక శాతానికి ఒక మిల్లీమీటరు వస్తుంది. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మేర పైకి సాగే పట్టీలో ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్నబాటును కన్ను పట్టుకోవలసి ఉంటుంది. సహజంగానే కన్ను పెద్ద కదలికను ముందు గ్రహిస్తుంది. ఫలితంగా తెలుగు వాటా పెరుగుతోందనో, కనీసం నిలకడగా ఉందనో చదువరి భావిస్తాడు.

పొరను పైకి నెట్టినది తెలుగు కాదు, అడుగునున్న హిందీ. హిందీ వాటాలో వచ్చిన 6.64 శాతం పెరుగుదల దాని పైనున్న పొరలన్నింటి ఆధారాన్నీ కదిలించింది. నడిమి పొరకు స్థిరమైన నేల లేకపోవడమే ఇక్కడ మూలకారణం. అడుగు పొరకు 0 రేఖ నేల. పై పొర 100 రేఖ నుంచి వేలాడుతుంది కాబట్టి దానికీ ఒక స్థిరమైన అంచు ఉంది. నడిమి పొరకు మాత్రం ఇరుగుపొరుగు పొరల అంచులే దిక్కు.

గ్రాఫులను మనిషి ఎలా చదువుతాడన్న విషయమై విలియం క్లీవ్లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన పరిశోధన దీనికి సిద్ధాంతభూమికను ఇస్తుంది. ఒకే కొలమానంపై ఉన్న బిందువుల స్థానాలను పోల్చడంలో మనం తక్కువ పొరపాట్లు చేస్తాం. వేర్వేరు చోట్ల మొదలయ్యే నిడివులను పోల్చడంలో అంతకన్నా ఎక్కువ పొరపాట్లు చేస్తాం. అడుగు పొరను స్థానం ద్వారా, నడిమి పొరను నిడివి ద్వారా చదువుతున్నాం. ఒకే చిత్రంలో రెండు రకాల పఠనం సాగుతున్నా చదువరికి ఆ సంగతి తెలియదు.

4. కనిపించని దాటివేత:
ఇదే పట్టికలో ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1971లో తెలుగు వాటా మరాఠీ కంటే 0.54 ఎక్కువ. 2001లో ఆ ఆధిక్యం 0.20కి తగ్గింది. 2011లో మరాఠీ 6.86తో తెలుగును దాటి మూడవ స్థానానికి చేరగా, తెలుగు 6.70తో నాలుగవ స్థానానికి జరిగింది. తెలుగు భాషాస్థితిని చర్చించే ఏ పరిశోధకునికైనా ఇది విడువరాని అంశం.

స్టాక్డ్ ఏరియా చార్టులో ఇది ఎక్కడా కనిపించదు. పేర్చిన పొరలు ఒకదానినొకటి ఖండించుకోలేవు. మరాఠీ పొర ఎప్పటికీ కిందనే, తెలుగు పొర ఎప్పటికీ దాని మీదనే ఉంటాయి. 2011 వద్ద వాటి మందాల తేడా మిల్లీమీటరులో ఆరోవంతు మాత్రమే. స్కేలు పెట్టి కొలిచినా అది దొరకదు. ఇవే అంకెలను రెండు విడి గీతలుగా, 6 నుంచి 9 వరకు ఉన్న అక్షంపై అంతే ఎత్తులో గీస్తే ఒక శాతం మూడు సెంటీమీటర్లు దాటుతుంది. 2001, 2011ల నడుమ రెండు గీతలూ ఖండించుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది. గీత స్థానాన్ని చూపుతుంది కాబట్టి దాని అక్షాన్ని 6 వద్ద మొదలుపెట్టవచ్చు. పొర మందాన్ని చూపుతుంది కాబట్టి దానికి 0 తప్పనిసరి.

5. వాలు వల్ల వచ్చే భ్రమ:
నడిమి పొరను చదవడంలో మరొక చిక్కు వాలు. పొర మందాన్ని నిలువుగా కొలవాలి. కన్ను మాత్రం రెండు అంచుల నడుమ అతి దగ్గరి దూరాన్ని, అంటే అంచుకు లంబంగా ఉన్న దూరాన్ని చూస్తుంది. అంచులు 45 డిగ్రీల వాలులో ఉన్నచోట 8 మిల్లీమీటర్ల నిలువు మందం సుమారు 5.7గా, 60 డిగ్రీల వాలులో 4గా కనిపిస్తుంది. విలువ మారకపోయినా పొర సన్నబడినట్లు తోస్తుంది.

మన ఉదాహరణలో నలభై ఏళ్ల కాలాన్ని 10 సెంటీమీటర్ల వెడల్పులో గీస్తే వాలు చాలా స్వల్పం కాబట్టి ఈ దోషం లెక్కలోకి రాదు. ఇక్కడి పొరపాటుకు కారణం కదిలే ఆధారరేఖే. ఒకటి రెండేళ్లలోనే వాటాలు తలకిందులయ్యే దత్తాంశంలో, ఇరుకైన చిత్రంలో వాలు ప్రధాన దోషమవుతుంది. ఏ చిత్రంలో ఏ కారణం పనిచేస్తోందో వేరుచేసి చూడడం అవసరం.

6. వర్గీకరణ మారితే:
అడుగు పొరలో జరిగే ప్రతి మార్పూ పైకి పాకుతుంది. ఆ మార్పు వాస్తవమైనదైనా, లెక్కలోని సర్దుబాటైనా ఫలితం ఒకటే. 1991 జనగణన మొదట ప్రకటించినప్పుడు హిందీ కింద మైథిలి కూడా ఉండేది, అప్పటి శాతం 40.22. మైథిలి ఎనిమిదవ షెడ్యూలులో చేరాక దానిని వేరుచేసి సవరించిన శాతం 39.29. పాత ప్రచురణ నుంచి 1991 అంకెను, కొత్త ప్రచురణ నుంచి తక్కిన అంకెలను తీసుకున్న పరిశోధకుని చిత్రంలో 1991 వద్ద తెలుగు పొర 0.93 మేర పైకి ఉబుకుతుంది. తెలుగు వాటాలో మాత్రం రవ్వంత మార్పు ఉండదు. పొరలన్నీ ఒకే సంవత్సరం వద్ద ఒకే దిశలో వంగితే ముందుగా అడుగు పొర దత్తాంశాన్ని అనుమానించాలి.

7. సవరణమార్గాలు:
వ్యాసం ఏ భాగాన్ని గురించినదో ఆ భాగాన్ని అడుగున ఉంచడం మొదటి మార్గం. తెలుగును అడుగున పేర్చితే దాని పై అంచు 8.16, 7.87, 7.19, 6.70గా దిగుతూ కనిపిస్తుంది. చదువరి ఏ తీసివేతా చేయనక్కరలేదు. రెండవ ముఖ్య భాగం ఉంటే దానిని పైన, 100 రేఖకు ఆనించి ఉంచవచ్చు. అంతకుమించి మూడవ భాగానికి ఈ చిత్రంలో మంచి చోటు లేదు.

రెండవ మార్గం అర్థవంతమైన క్రమంలో పేర్చడం. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళాలను అడుగున వరుసగా పెడితే నాలుగవ పొర పై అంచు ఆ నాలుగింటి మొత్తాన్ని నేరుగా చూపుతుంది. అది 1971లో 23.00, 2011లో 18.89. పేర్చిన భాగాల మొత్తాన్ని చూపడం ఈ చిత్రానికి సహజమైన బలం. నాలుగింటిలో ఒక్కొక్కదాని వాటా కావాలంటే మాత్రం ఒకే కొలమానంపై విడి గీతలే శరణ్యం.

ఏ మార్గం అనుసరించినా అసలు సంఖ్యలను పక్కన ఇవ్వాలి. తెలుగు మాతృభాషీయులు 1971లో సుమారు 4.48 కోట్లు, 2011లో 8.11 కోట్లు. అదే కాలంలో దేశజనాభా రెండింతలు దాటి పెరగడం వల్ల వాటా తగ్గింది. నూరు శాతం చిత్రంలో మొత్తం ఎప్పుడూ ఒకే ఎత్తున ఉంటుంది కాబట్టి, తగ్గిన వాటాను తగ్గిన జనంగా చదివే ప్రమాదం ఉంది.

8. ముగింపు:
చిత్రాన్ని ప్రచురణకు పంపే ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఒక కాగితం ముక్క అంచున మొదటి సంవత్సరం వద్ద నడిమి పొర మందాన్ని గుర్తు పెట్టుకొని, చివరి సంవత్సరం వద్దకు జరిపి నిలువుగా పోల్చాలి. చిత్రాన్ని చూసి కలిగిన భావనకూ కాగితం చెప్పినదానికీ పొంతన కుదరకపోతే ఆ చిత్రం వ్యాసంలోని వాదాన్ని మోయలేదు. తెలుగు పొర విషయంలో కన్ను ఎక్కుదలను చూస్తుంది, కాగితం తగ్గుదలను చూపుతుంది. మరాఠీ తెలుగును దాటిన సంగతిని మాత్రం ఈ కాగితం కూడా పట్టుకోలేదు. దానికి పట్టికో, విడి గీతలో కావాలి.