ఫోన్‌లో మెరిసే బంగారం రేటు ఎవరిది?

2024 జూలై 23, మంగళవారం. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ చదువుతూ బంగారం దిగుమతి సుంకాన్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. అన్నీ కలిపి 15 శాతం ఉన్నది 6 శాతానికి దిగింది. ఆ రోజే ముంబయి ఎంసీఎక్స్‌లో పది గ్రాముల ధర దాదాపు నాలుగు వేలు జారిపోయింది. లండన్‌లో మాత్రం పెద్దగా కదలిక లేదు. మన సుంకంతో లండన్‌కేం పని? ఇక మన ఊళ్లలో పొద్దున్నే రేటు రాసిపెట్టుకున్న దుకాణాల బోర్డులు బడ్జెట్‌కు ముందు సంగతే చెబుతూ నిలబడ్డాయి.

ఆ మధ్యాహ్నం ఫోన్లో ‘బంగారం రేటు’ అని వెతికినవాడికి ఈ మూడు రకాల అంకెల్లో ఏదైనా ఎదురుపడి ఉండొచ్చు. ఏదీ అబద్ధం కాదు. కానీ ఒకటి లండన్‌ది, ఒకటి ఎక్స్ఛేంజిది, ఒకటి పొద్దుటిది. బేరానికి కూర్చునే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: చూస్తున్న రేటు ఈ నిమిషానిదా, కాస్త పాతదా, లేక ఒకానొక వ్యాపారి తన సరుక్కి కట్టుకున్నదా?

మొదట ఒక భ్రమ వదిలించుకోవాలి. అంకెలు ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో రెపరెపలాడుతుంటే అది లైవ్ అని మనం అనుకుంటాం. చాలా పేజీలు చేసేది గుణకారం. XAU/USD అని కనిపించేది ఒక ఔన్సు బంగారం డాలర్లలో ఎంతో చెప్పే అంకె. ఇక్కడ ఔన్సంటే 31.1035 గ్రాములు. దాన్ని డాలరు మారకంతో గుణించి, గ్రాముల్లోకి మార్చి, సుంకం కలిపితే రూపాయల ధర వస్తుంది. ఆ బడ్జెట్ రోజున ఔన్సు సుమారు 2,400 డాలర్లు, డాలరు 83.7 రూపాయలు. గుణించి భాగిస్తే పది గ్రాములకు సుమారు 64,580. దానికి 6 శాతం సుంకం కలిపితే 68,460 దాకా వస్తుంది. ఎంసీఎక్స్ ధర ఆ రోజు దిగి ఆగింది కూడా ఇంచుమించు అక్కడే. కానీ పేజీ నడిపేవాడు తన లెక్కలో పాత 15 శాతం మార్చడం మరిచిపోతే? 74,270 చూపిస్తుంది. డాలరు కదిలినప్పుడల్లా ఆ అంకే సెకనుకోసారి కదులుతూ ఉంటుంది కూడా. ముడిసరుకు తాజాదే, లెక్క మాత్రం పాతది. నిజానికి అంతకు ముందు రోజు కూడా ఎంసీఎక్స్ 72 వేల చిల్లర దగ్గరే ఉంది. లెక్కగట్టిన ధర, మార్కెట్లో కొనేవాడు పెట్టే ధర సరిగ్గా ఒకటే కావడం అరుదు.

అందుకే పేజీని దానంతట దాన్నే చూసి తేల్చుకోవడం కష్టం. పక్కన ఒక తూకపు రాయి కావాలి. మనకు అందుబాటులో ఉన్న మంచి రాయి ఎంసీఎక్స్ గోల్డ్ ఫ్యూచర్స్. ఏ బ్రోకర్ యాప్‌లోనైనా కనిపిస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 గంటలకు మొదలై రాత్రి పదకొండున్నర దాకా, చలికాలంలో ఇంకాస్త సేపు నడుస్తుంది. దాని రేటు పది గ్రాములకు, 995 శుద్ధికి చెప్పేది. సుంకం కలిసి ఉంటుంది, జీఎస్టీ ఉండదు. ఈ రెండు విషయాలు గుర్తుంటే చాలు.

ఇక పరీక్ష. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టండి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఎంసీఎక్స్ లక్ష రూపాయలు చూపిస్తోందనుకుందాం. మీ పేజీలో 999 బంగారం 1,03,600 ఉంది. మూడు వేల ఆరు వందలు ఎక్కువ! మోసమా? కాదు. 995 నుంచి 999కి మార్చితే లక్షకు నాలుగు వందలు పెరుగుతుంది. దాని మీద 3 శాతం జీఎస్టీ కలిపితే 1,03,414 అవుతుంది. మిగిలిన నూటెనభై చిల్లరే వ్యాపారి తన కోసం వేసుకున్నది. ఇలా విడగొట్టాక తేడా మొత్తానికి లెక్క దొరికితే, ఆ అంకె ఏమిటో మీకు తెలిసినట్టే.

ఇప్పుడు కొంచెంసేపు చూడండి. ఎంసీఎక్స్ అయిదు వందలు పడి 99,500కు వచ్చిందనుకోండి. పేజీ కూడా నిమిషం లోపల 1,03,080 దరిదాపులకు దిగిందా? అయితే లైవే. తేడా దాదాపు అంతే ఉంది, రెండూ కలిసి కదిలాయి. అలా కాకుండా 1,03,600 దగ్గరే కూర్చుని, పది పదిహేను నిమిషాల తర్వాత తీరిగ్గా దిగిందా? ఆలస్యపు రేటు. విదేశీ ఎక్స్ఛేంజీల ధరల్ని ఉచితంగా చూపించే చాలా చోట్ల కనీసం పది నిమిషాలు వెనకబడే ఉంటాయి. Delayed అని పేజీ అడుగున చిన్నక్షరాల్లో రాసి కూడా ఉంటుంది, మనమే చూడం. సాయంత్రం దాకా ఒకే అంకె మీద ఉందా? అది బోర్డు రేటు.

ఈ పరీక్షకు మార్కెట్ కదిలే వేళ కావాలి. నిద్రపోతున్న మార్కెట్లో లైవ్ రేటూ, నిన్నటి రేటూ ఒకేలా కనిపిస్తాయి. అమెరికాలో నెలనెలా ఉద్యోగాల లెక్కలు వెలువడే రోజున సాయంత్రం ఆరు, ఏడు గంటల వేళ చూస్తే సరిపోతుంది. వేసవిలో ఆరుకు, చలికాలంలో ఏడుకు బంగారం ఒక్క కుదుపు కుదుపుతుంది. వెనకబడ్డ పేజీ అప్పుడు దాక్కోలేదు.

దీనికి తిరగేసిన పరీక్ష ఆదివారం మధ్యాహ్నం. అంతర్జాతీయ మార్కెట్ మన లెక్కన శనివారం తెల్లవారుజామున మూతపడి, సోమవారం తెల్లవారుజామున తెరుచుకుంటుంది. ఆ మధ్యలో కూడా ఏదైనా పేజీలో XAU/USD అంకెలు ఎగిరి దూకుతున్నాయంటే, అది మనల్ని కూర్చోబెట్టడానికి వేసిన అలంకారం. ‘లాస్ట్ అప్‌డేటెడ్’ దగ్గర ఉన్న సమయాన్నీ గుడ్డిగా నమ్మనక్కర్లేదు. కొన్ని పేజీలు అక్కడ చూపించేది రేటు వచ్చిన సమయం కాదు, మీరు పేజీ తెరిచిన సమయం. ఆదివారం తెరిచి చూస్తే ఆ గుట్టూ బయటపడుతుంది: రేటు శుక్రవారానిది, గడియారం ఇవాళ్టిది.

మూడో రకం వ్యాపారి పేజీ. టోకు బులియన్ వ్యాపారులు చాలామందికి ఇప్పుడు సొంత యాప్‌లున్నాయి. ఇవి దాదాపు అన్నీ లైవే. కానీ ఎవరికి లైవ్ అన్నదే ప్రశ్న. పేజీలో రెండు గళ్లుంటాయి. Ask అన్నది ఆయన మీకు అమ్మే ధర, Bid అన్నది మీ దగ్గర కొనే ధర. ఒకే గడి కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ అమ్మే ధరే. కింద షరతులు చదవండి: కనీసం ఎంత బరువు, జీఎస్టీ కలిపా కలపకా, డబ్బు ఆర్టీజీఎస్‌లో వస్తేనా, సరుకు ఏ ఊళ్లో ఇస్తారు. Indicative అని ఉంటే, ఆ రేటుకు కట్టుబడి లేనని ఆయన ముందే చెప్పేసినట్టు.

ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో చూడండి. ఒకాయన దగ్గర వంద గ్రాముల 999 బిస్కెట్ ఉంది, బిల్లు కూడా ఉంది. పై యాప్‌లో 1,03,600 చూసి, చేతికి 10,36,000 వస్తుందని లెక్కేసుకుని కొట్టుకు వెళ్లాడు.

“సేటుగారూ, మీ యాప్‌లోనే ఇంత చూపిస్తోంది కదండీ?”

“అది మేం అమ్మే రేటు బాబూ. కొనే రేటు పక్క గడిలో ఉంది, చూడండి.”

పక్క గడిలో 1,00,100 ఉంది. వంద గ్రాములకు 10,01,000. ముప్పై అయిదు వేలు తక్కువ! అందులో ముప్పై వేల పైచిలుకు జీఎస్టీ. కొనేటప్పుడు ఆయన కట్టిన పన్ను ప్రభుత్వానికి వెళ్లిపోయింది, అమ్మేటప్పుడు అది తిరిగి రాదు. మిగతా అయిదు వేల లోపు మాత్రమే వ్యాపారి కొనుగోలుకూ అమ్మకానికీ మధ్య పెట్టుకున్న తేడా. బేరమాడగలిగేది ఆ అయిదు వేల మీదే. ముప్పై అయిదు వేల మీద గొడవపడితే సేటు టీ ఇప్పించి పంపేస్తాడు.

యాప్‌లో కనిపించిన రేటు మీది కావాలంటే బుకింగ్ అవ్వాలి. ఫోన్ చేసి “ఈ రేటుకు ఇప్పుడు వంద గ్రాములు తీసుకుంటారా?” అని అడిగి, ఆయన సరేనన్నాక రేటు, బరువు, శుద్ధి, పన్ను, సరుకు ఇచ్చే సమయం అన్నీ మెసేజ్‌లో రాయించుకోవాలి. అంతవరకూ తెరమీది అంకె మీద ఎవరికీ హక్కు లేదు. బుక్ చేశాక ధర పడిందని వెనక్కి తగ్గితే నష్టం మీ లెక్కలో రాస్తారు, ఎందుకంటే మీతో మాట ఖాయం కాగానే చాలామంది వ్యాపారులు ఎంసీఎక్స్‌లో ఎదురు బేరం పెట్టేసుకుంటారు.

నగలు కొనేవాళ్ల దారి వేరు. కొట్టులో బోర్డు మీది రేటు మామూలుగా 22 క్యారెట్లకు, గ్రాముకు ఉంటుంది. మీద తరుగు, మజూరీ, ఆ పైన జీఎస్టీ. అది లైవ్ కాదు, కానక్కర్లేదు కూడా. ఆ కొట్టులో ఆ పూట బిల్లు పడేది దాని మీదే. అక్కడ ఎంసీఎక్స్ చూపించి వాదించడం కన్నా, తరుగు శాతం తగ్గించమని అడగడం లాభం అని నా అభిప్రాయం. పాత బంగారం మార్చేటప్పుడు మాత్రం ఒకటి గట్టిగా అడగాలి: పాతదానికీ కొత్తదానికీ ఒకే రోజు, ఒకే బోర్డు రేటు కడుతున్నారా అని.

బంగారం తాకట్టు పెట్టేవాళ్లకు లైవ్ రేటు అసలు పనికిరాదు. రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, గడిచిన ముప్పై రోజుల ముగింపు ధరల సగటు, నిన్నటి ముగింపు ధర – ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే విలువ కడతారు. ఆ ధర ఇండియా బులియన్ అండ్ జ్యుయెలర్స్ అసోసియేషన్ ప్రకటించినదైనా కావాలి, సెబీ పర్యవేక్షణలో ఉన్న ఎక్స్ఛేంజిదైనా కావాలి.

అన్నదమ్ములో, తెలిసినవాళ్లో తమలో తాము బంగారం పంచుకునేటప్పుడు, ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కూడా ఈ అసోసియేషన్ రేటే సుఖం. ఐబీజేఏ పేరుతో పనిదినాల్లో పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు వస్తుంది. 999, 995, 916 ఇలా శుద్ధి వారీగా, జీఎస్టీ కలపకుండా ఉంటుంది. “గూగుల్ రేటు ప్రకారం” అని నోటిమాటగా అనుకుంటే రేపు ఎవరి ఫోన్లో రేటు అన్న తగువు వస్తుంది. దానికి బదులు “ఫలానా తేదీ ఐబీజేఏ సాయంత్రపు రేటు, 916 శుద్ధికి, జీఎస్టీ లేకుండా” అని కాగితం మీద రాసుకోండి. శని, ఆదివారాల్లోనూ పండగ సెలవుల్లోనూ ఈ రేటు రాదు కాబట్టి, ఆ రోజు సెలవైతే అంతకు ముందు పనిదినం రేటు అని ఇంకో వాక్యం కూడా చేర్చండి.